స్త్రీ పూజారులు, స్త్రీ పాస్టర్లు: పదవి వస్తే పూజ మీద అధికారం వచ్చినట్టేనా?

సౌజన్య_పీజీ
అందరికీ నమస్కారం. జెండర్ స్టడీస్‌లో ఎంఏ చివరి సెమిస్టర్ పేపర్ రాస్తున్నాను. గుళ్లలో, చర్చిల్లో స్త్రీల పాత్ర ఎలా మారుతోందన్నది విషయం. ఇప్పటిదాకా చేసిందల్లా ఒక పట్టిక. 1976లో ప్రొటెస్టెంట్ల సి.ఎస్.ఐ. సంఘంలో మొదటి స్త్రీకి పాస్టర్‌గా ఆర్డినేషన్, 1994లో ఇంగ్లండ్ చర్చిలో స్త్రీ ప్రీస్టులు, 2013లో నంద్యాల డయాసిస్‌కు స్త్రీ బిషప్, 2023లో తమిళనాడులో అర్చక కోర్సు పూర్తి చేసిన ముగ్గురు అమ్మాయిలు, ఇలా వరసగా ఉంటుంది. మా గైడ్ గారు చూసి "ఇది నియామకాల జాబితా. అధికారం గురించి ఇందులో ఒక్క ముక్క లేదు" అని వెనక్కి పంపారు. పూజ మీద అధికారం అనేదాన్ని పేపర్లో దేనితో కొలవాలి? ఎవరైనా దారి చూపిస్తే బాగుంటుంది. వచ్చే వారం మళ్లీ చూపించాలి, టెన్షన్‌గా ఉంది.

వెంకట్_77
శబరిమల తీర్పు 2018లోనే వచ్చింది కదండీ. ఆడవాళ్లను రానివ్వాలని సుప్రీంకోర్టు చెప్పింది. అది పెట్టండి, పేపర్ అయిపోతుంది.

సౌజన్య_పీజీ
వెంకట్ గారూ, అది గుడిలోకి వెళ్లి దర్శనం చేసుకునే హక్కు గురించి. నేను అడుగుతున్నది గర్భగుడిలో నిలబడి పూజ చేసేవాళ్ల గురించి.

రాజ్‌కిరణ్
ఇందులో కొత్తగా కొలవాల్సింది ఏముంది? మన దగ్గర పూర్వం స్త్రీలకు ఉపనయనం ఉండేది. హారీత ధర్మసూత్రం స్త్రీలను బ్రహ్మవాదినులు, సద్యోవధువులు అని రెండు రకాలుగా చెప్పింది. బ్రహ్మవాదినులు వేదం చదివేవాళ్లు. గార్గి, మైత్రేయి పేర్లు అందరికీ తెలుసు. అంటే పూజారిణులు మొదటినుంచీ ఉన్నారు, మధ్యలో తీసేశారు. పేపర్ అక్కడ మొదలుపెట్టండి.

పాత_ఫైళ్లు
రాజ్‌కిరణ్ గారు చెప్పిన హారీతుడి మాట నిజమే. కానీ అది ఈ ప్రశ్నకు తగలదు. వేదాధికారం వేరు, గుడిలో అర్చకత్వం వేరు. నాలుగు వేదాలు వల్లించిన బ్రాహ్మణుడైనా సరే, వైఖానస ఆగమం అనే పూజా శాస్త్రం ప్రకారం నడిచే గుడిలో మూలవిరాట్టును తాకలేడు. అక్కడ తాకాలంటే వైఖానస కుటుంబంలో పుట్టాలి. కాబట్టి రేపు స్త్రీలందరికీ ఉపనయనం చేసినా, ఆ గర్భగుడి తలుపు దానితో తెరుచుకోదు. ఈ రెంటినీ కలిపేసిన పేపర్లు చాలా చూశాను. ఆగమం తెలిసినవాడు మొదటి పేజీలోనే కొట్టిపారేస్తాడు.

సౌజన్యా, నేను చాలా ఏళ్లు దేవాదాయ కేసుల ఫైళ్లతో గడిపినవాణ్ణి. నీ పట్టికలో లేని రెండు కేసులు చెబుతాను. అవి పక్కపక్కన పెట్టుకుంటే నీ గైడ్ గారు అడిగినది దొరుకుతుంది.

మొదటిది రాజ్ కాళీ కువర్ వర్సెస్ రామ్ రతన్ పాండే, సుప్రీంకోర్టు, 1955. ఒక గుడికి పండాగా, పూజారిగా వంశపారంపర్యంగా వచ్చే పదవిలో వాటా స్త్రీకి దక్కుతుందా అన్నది తగాదా. దక్కుతుందనే కోర్టు చెప్పింది. స్త్రీ అయినంత మాత్రాన ఆ పదవికి వారసురాలు కాకుండా పోదంది. మరి పూజ ఎవరు చేస్తారు? అర్హుడైన మగవాణ్ణి బదులు పెట్టి చేయించవచ్చు, అది ఎప్పటినుంచో ఉన్న ఆచారమే అంది. చూడు, 1955 నాటికే స్త్రీ చట్టం దృష్టిలో పూజారి పదవిలో ఉండొచ్చు. నీ పట్టికలో పెడితే అదొక పెద్ద విజయంలా కనబడుతుంది. కానీ వాటా, రాబడి ఆమెవి, హారతి పళ్లెం ఇంకొకరి చేతిలో.

రెండోది పిన్నియక్కాళ్ కేసు, మద్రాసు హైకోర్టు మదురై బెంచి, 2008, జస్టిస్ చంద్రు. ఉసిలంపట్టి దగ్గర ఒక పల్లెలో దుర్గమ్మ గుడి. ఆమె తండ్రి అక్కడ పూజారి. ఆయన జబ్బు పడితే ఈమె పూజ చేస్తూ వచ్చింది. ఆయన పోయాక ఊళ్లో కొందరు మగవాళ్లే చెయ్యాలని అడ్డం తిరిగారు. స్త్రీ పూజ చెయ్యకూడదని ఏ చట్టంలోనూ లేదని, ఆమెను అడ్డుకోవద్దని కోర్టు చెప్పింది. అమ్మవారి గుడిలో ఆడమనిషి పూజ చేస్తే అభ్యంతరమేమిటన్న చురక కూడా ఆ తీర్పులో ఉంది.

ఈ రెండు తీర్పుల మధ్య తేడా పదవిలో లేదు. రెండు చోట్లా పదవి వారసత్వంగానే వచ్చింది. తేడా అంతా ఆ బదులు మనిషి దగ్గర ఉంది. 1955 కేసులో స్త్రీకి హక్కు దక్కింది బదులు మనిషిని పెట్టుకోవచ్చు కాబట్టి. 2008లో ఆమె బదులు మనిషి లేకుండా తానే చేస్తానంది. నీ పట్టికలో ఒక నిలువు గడి పెంచు: "ఈమె పేరు మీద ఉన్న ఏ పనిని ఇంకొకరు చెయ్యాల్సి వస్తోంది?" అధికారం ఎంతవరకు ఉందో ఆ గడి చెబుతుంది.

మేరీ_జి
మా కేథలిక్ సంఘంలో ఇదంతా ఎప్పుడో మారిపోయింది. మా దగ్గర సిస్టర్స్ దివ్యసత్ప్రసాదం పంచుతారు, వాక్యం చదువుతారు. ఆదివారం ఫాదర్ గారు రాకపోతే ప్రార్థన అంతా వాళ్లే నడిపిస్తారు. మా సిస్టర్ గారి చేతుల మీదుగా సత్ప్రసాదం తీసుకోవడానికి మా అమ్మ వేరే వరసలో నిలబడి మరీ వెళుతుంది. బిషప్పులు కాలేదన్న మాటే గానీ పనులన్నీ వాళ్లవే.

పాత_ఫైళ్లు
మేరీ గారూ, మీ సిస్టర్ గారి విషయంలో ఆ గడి నింపి చూడండి. ఫాదర్ రాని ఆదివారం ఆమె పంచే సత్ప్రసాదం ఎక్కడిది? అంతకుముందు పూజాబలిలో ఆయన ప్రతిష్ఠించి మందసంలో భద్రపరచినది. పంచగలరు, ప్రతిష్ఠించలేరు. పాపసంకీర్తనం వినలేరు. కేథలిక్ ధర్మశాస్త్రం 1024వ కానన్ గురుపట్టాభిషేకం బాప్తిస్మం పొందిన పురుషుడికే చెల్లుతుందంటుంది. 1994లో రెండవ జాన్‌పాల్ పోపు, స్త్రీలకు గురుత్వం ఇచ్చే అధికారం అసలు సభకే లేదని రాశారు. 2021 జనవరిలో ఫ్రాన్సిస్ పోపు పాఠకులు, పీఠ సహాయకులు అనే రెండు సేవలను స్త్రీలకు శాశ్వతంగా తెరిచారు. మార్పు ఉంది, కాదనను. కానీ అది ఆ గీతకు ఇవతలే ఆగింది.

ఒక విచిత్రం మాత్రం పేపర్లో తప్పక రాయాలి. చావుబతుకుల్లో ఉన్న బిడ్డకు దగ్గర్లో గురువు లేకపోతే ఎవరైనా బాప్తిస్మం ఇవ్వొచ్చని అదే కేథలిక్ ధర్మశాస్త్రం ఒప్పుకుంటుంది. ఆడవాళ్లు ఇచ్చినా చెల్లుతుంది. అంటే ఒక సంస్కారానికి స్త్రీ చెయ్యి పనికొస్తుంది, ఇంకోదానికి పనికిరాదు. కాబట్టి స్త్రీ శరీరం అశుద్ధమనే ఒక్క కారణంతో కేథలిక్ నియమాన్ని వివరించబోతే అక్కడే ఇరుక్కుపోతావు సౌజన్యా. వాళ్ల వాదన వేరు. బల్ల దగ్గర నిలబడే గురువు క్రీస్తు స్థానంలో నిలబడతాడు, క్రీస్తు పురుషుడు, ఆయన ఎన్నుకున్న పన్నెండు మందీ పురుషులే అన్నది వాళ్ల మాట.

మేరీ_జి
ప్రతిష్ఠించలేరన్నది నాకు తెలుసండీ. కానీ మా అమ్మకు ఆ తేడా పట్టదు. ఆమెకు సిస్టర్ గారి చేతి నుంచి వచ్చిందే ముఖ్యం. జనం మనసులో ఉన్న అధికారానికి మీ గడిలో చోటు లేదా?

సౌజన్య_పీజీ
మేరీ గారి ప్రశ్న నాకు చాలా ముఖ్యమనిపిస్తోంది. నోట్ చేసుకున్నాను.

జాన్సీ_వి
మా అక్క ప్రెస్బిటర్, అంటే పాస్టరమ్మ. ప్రొటెస్టెంట్ సంఘం, పేరు వద్దు. ఆర్డినేషన్ పూర్తిగా అయ్యింది. చట్ట ప్రకారం, సంఘం రూల్స్ ప్రకారం ఆమె చెయ్యలేని పని ఒక్కటీ లేదు. బాప్తిస్మం, ప్రభురాత్రి భోజనం, పెళ్లి, భూస్థాపన అన్నీ ఆమె పేరు మీదే. కాగితం మీద పాత_ఫైళ్లు గారి గడి ఖాళీగా ఉంటుంది.

కానీ జరిగేది చెబుతాను. ఆమెకు పోస్టింగ్ ఇచ్చిన చోట పెద్ద పెళ్లి వచ్చిందంటే ఇంటివాళ్లు ముందుగా వచ్చి, "అమ్మగారూ, మీరు ప్రార్థన చెయ్యండి, ప్రమాణాలు మాత్రం ఫలానా అయ్యగారి చేత చేయిస్తాం, వాళ్లు మాకు బంధువులు" అంటారు. బంధుత్వం ఎప్పుడూ మగ పాస్టర్‌తోనే ఉంటుంది మరి! ఆదివారం ఆమె రొట్టె విరిచే రోజు రెండు కుటుంబాలు వాక్యం అయ్యేదాకా కూర్చుని బల్లకు ముందు లేచి వెళ్లిపోయేవి. వాక్యం చెబితే అభ్యంతరం లేదు, స్త్రీల మైత్రి మీటింగుకు అసలే లేదు. బల్ల దగ్గరే లేస్తారు. రిజిస్టర్లో సంతకం మాత్రం అన్ని పెళ్లిళ్లకూ అక్కదే. మీ గడి నింపాలంటే రూల్సు చదివితే చాలదు, బల్ల దగ్గర ఎవరు లేచారో చూడాలి.

పాత_ఫైళ్లు
జాన్సీ గారు చెప్పినది రూలు పుస్తకంలోకే ఎక్కిన చోటు ఒకటుంది. ఇంగ్లండ్ చర్చిలో 1987 నుంచి స్త్రీలు డీకన్లు, అంటే ప్రీస్టుకు ఒక మెట్టు కింద. వాక్యం, బాప్తిస్మం, పెళ్లి, భూస్థాపన అన్నీ చేసేవాళ్లు. చెయ్యకూడనివి మూడే: ప్రభురాత్రి భోజనానికి అధ్యక్షత, పాపక్షమాపణ ప్రకటన, ఆశీర్వాదం. క్షమాపణ చోట ప్రీస్టు జనం వైపు తిరిగి "దేవుడు మిమ్మల్ని క్షమించుగాక" అంటాడు. డీకన్ అదే ప్రార్థనను "మమ్మల్ని" అని మార్చి, జనంలో ఒకరిగా చెప్పాలి. ఏడేళ్లపాటు వాళ్లకూ ప్రీస్టు పదవికీ మధ్య తేడా ఆ కాసిన్ని వాక్యాలే.

1992 నవంబరులో సినడ్ ఓటుతో స్త్రీ ప్రీస్టులకు దారి తెరుచుకుంది. 1994లో మొదటివాళ్లకు ఆర్డినేషన్ జరిగింది. కానీ ఆ చట్టంలోనే ప్రతి పారిష్‌కూ రెండు తీర్మానాలు చేసుకునే వీలు ఇచ్చారు. 'ఏ' తీర్మానం చేస్తే ఆ పారిష్‌లో స్త్రీ బల్లకు అధ్యక్షత వహించకూడదు, పాపక్షమాపణ ప్రకటించకూడదు. 'బి' తీర్మానం చేస్తే ఆ పారిష్‌కు స్త్రీ వికార్‌గా రాకూడదు. 'ఏ' తీర్మానంలో ఉన్న పనులు ఏవో గమనించారా? వాక్యం చెప్పడం మీద నిషేధం లేదు. జాన్సీ గారి సంఘంలో ఆ రెండు కుటుంబాలు ఎక్కడ లేచాయో ఆ చట్టమూ అక్కడే గీత గీసింది. దేశం వేరు, సంఘం వేరు, కాలం వేరు, గీత ఒకటే.

ఇంకో మెట్టు ఉంది. స్త్రీకి ఆర్డినేషన్ ఇచ్చిన బిషప్ చెయ్యి కూడా మాకు వద్దన్న పారిష్‌ల కోసం, ఊరూరూ తిరిగే ప్రత్యేక బిషప్పులను పెట్టారు. 2014లో ఆ పాత తీర్మానాలు పోయి కొత్త ఏర్పాటు వచ్చింది, 2015లో మొదటి స్త్రీ బిషప్ వచ్చారు. కానీ వద్దనే పారిష్‌కు వేరే ఏర్పాటు అన్న సూత్రం అలాగే ఉంది.

సౌజన్య_పీజీ
అయితే నంద్యాల విషయం ఇంకా పెద్దదన్నమాట. 2013 సెప్టెంబరులో పుష్పలలిత గారు బిషప్ అయ్యారు కదా. బిషప్ అంటే ఇతరులకు ఆర్డినేషన్ ఇచ్చేవాళ్లు. ఆమె తల మీద చెయ్యి పెట్టి పంపిన మగ పాస్టర్ల అధికారం ఆమె చేతి నుంచే వచ్చినట్టు. ప్రెస్బిటర్ దగ్గర ఇష్టం లేనివాళ్లు బల్ల ముందు లేచి వెళ్లిపోవచ్చు. ఇక్కడ ఎలా లేస్తారు? తమకు నచ్చిన మగ పాస్టర్‌కే ఆర్డినేషన్ ఆమె చేతి మీదుగా వచ్చి ఉంటే?

పాత_ఫైళ్లు
అదే. నీ పేపర్‌కు నడుము అక్కడ దొరికింది. సొంతంగా ఒక పని చెయ్యగలగడం ఒక మెట్టు, ఆ పని చేసే అర్హతను ఇంకొకరికి ఇవ్వగలగడం ఇంకో మెట్టు. గుళ్లలో ఆ రెండో మెట్టు ఆచార్యుడిది: దీక్ష ఇచ్చేవాడు, ప్రతిష్ఠ, కుంభాభిషేకం చేసేవాడు. ఆ మెట్టు మీద స్త్రీ ఉన్న ఆగమ ఆలయం నీ పట్టికలో ఉందేమో చూసుకో.

వైఖానస_శ్రీ
నేను అర్చక కుటుంబంలోవాణ్ణి. మీరంతా దీన్ని ఆడ, మగ తగాదాగా చూస్తున్నారు. మా దగ్గర తల్లి కడుపులో ఉన్నప్పుడే, ఎనిమిదో నెలలో విష్ణుబలి చేస్తారు. బిడ్డ గర్భంలోనే వైష్ణవుడవుతాడు, విడిగా దీక్ష అక్కర్లేదు. ఇది లోకంలో ఉన్న మగవాళ్లందరికీ ఇచ్చింది కాదు, తొంభై తొమ్మిది పాళ్ల మగవాళ్లకూ లేదు. ఉద్యోగంలా పరీక్ష పెట్టి ఇచ్చేది కాదిది. 1987 దేవాదాయ చట్టం మా వంశపారంపర్య హక్కు తీసేసింది, 1996లో సుప్రీంకోర్టు అది సరేనంది. ఆ దెబ్బకు ఎన్ని కుటుంబాలు గుడి వదిలి వేరే పనులకు పోయాయో ఏ జెండర్ పేపరూ రాయదు. 2007 సవరణతో కొంత ఊపిరి వచ్చింది. ముందు అది అర్థం చేసుకుని తర్వాత స్త్రీల సంగతి మాట్లాడండి.

జాన్సీ_వి
శ్రీ గారూ, ఆ విష్ణుబలి కడుపులో ఉన్నది ఆడబిడ్డయినా చేస్తారు కదా? స్కానింగ్ చూసి చెయ్యరు కదా?

వైఖానస_శ్రీ
చేస్తారు. ఆడపిల్లా వైఖానసురాలే. కానీ అర్చన చెయ్యడానికి తర్వాత ఉపనయనం, అధ్యయనం ఉండాలి. అవి ఆడపిల్లకు లేవు.

రాజ్‌కిరణ్
అయితే నా హారీతుడు మళ్లీ లోపలికి వచ్చినట్టే కదండీ, పాత_ఫైళ్లు గారూ! పుట్టుక ఉంది, గర్భసంస్కారం ఉంది, ఆగింది ఉపనయనం దగ్గరే.

పాత_ఫైళ్లు
వచ్చాడు, ఒప్పుకుంటాను. అయితే వైఖానస కుటుంబంలో పుట్టిన అమ్మాయి వరకే వచ్చాడు. బయటివాళ్లకు ఆ తలుపు ఇంకా మూసే ఉంది. శ్రీ గారి కుటుంబాల బాధను తేలిగ్గా తీసెయ్యొద్దు సౌజన్యా. పేపర్లో దానికీ చోటు ఉండాలి.

సౌజన్య_పీజీ
తప్పకుండా. శ్రీ గారూ, ఒకటి అడగనా? నెలసరి రోజుల మాట ప్రతి ఇంటర్వ్యూలోనూ వస్తోంది. ఆడవాళ్లకు నెలలో కొన్ని రోజులు కుదరదు కాబట్టి నిత్యపూజ ఆగిపోతుందంటున్నారు. మరి మీ ఇంట్లో ఎవరైనా పోతే, మైల రోజుల్లో గుడిలో పూజ ఎవరు చేస్తారు?

వైఖానస_శ్రీ
మైల అంటని వేరే అర్చకులు చేస్తారు. పెద్ద గుళ్లలో ఎలాగూ వంతులుంటాయి, సర్దుకుంటాం. చిన్న గుడైతే పక్క ఊరి నుంచి పిలిపించుకుంటాం. పూజ ఆగదు.

సౌజన్య_పీజీ
అంటే మనిషి మారడానికి ఏర్పాటు ముందునుంచీ ఉంది.

వైఖానస_శ్రీ
ఉంది. కానీ ఎప్పుడో వచ్చే మైల వేరు, నెలనెలా వచ్చేది వేరు. మీ పేపర్ కోసం రెండూ ఒకటే అనకండి.

పద్మజ_కె
ఇప్పుడే చదివాను. నెలసరి సంగతికి ఒకే జవాబు ఉండదు. మేల్మరువత్తూరు ఆదిపరాశక్తి గుడిలో ఆడవాళ్లే గర్భగుడిలోకి వెళ్లి పూజ చేస్తారు, ఆ రోజులని వేరు చెయ్యరు. అటు కేరళలో మన్నారశాల నాగరాజ గుడిలో ముఖ్య పూజారిణి ఆ ఇంటికి కోడలుగా వచ్చిన పెద్దావిడే. ఆ స్థానంలోకి వచ్చాక ఆమె బ్రహ్మచర్యం పాటిస్తుంది. మొదటిచోట నియమాన్నే పక్కన పెట్టారు, రెండోచోట నియమాలకు సరిపడే స్త్రీని ఎంచుకున్నారు. ఈ రెంటినీ "స్త్రీ పూజారులున్న గుళ్లు" అని ఒకే వరసలో వేస్తే ఏమీ తెలియదు.

వెంకట్_77
మరి తమిళనాడులో ఆ ముగ్గురమ్మాయిలు? వాళ్లు ఇప్పుడు శ్రీరంగంలో పూజ చేస్తున్నారా?

పాత_ఫైళ్లు
మంచి ప్రశ్న వెంకట్ గారూ. శ్రీరంగంలో జరిగింది శిక్షణ. సర్టిఫికెట్ 2023 సెప్టెంబరులో ఇచ్చారు. ఆ తర్వాత గుళ్లలో పెద్ద అర్చకుల దగ్గర సహాయకులుగా అనుభవం సంపాదించాలి, అది అయ్యాకే నియామకం. అంతకుముందే 2022 ఆగస్టులో మద్రాసు హైకోర్టు, కొత్త అర్చక నియామక నియమాలు ఆగమం ప్రకారం కట్టిన గుళ్లకు వర్తించవని చెప్పింది. ఏవి ఆగమ ఆలయాలో తేల్చడానికి కమిటీ వెయ్యమంది. కాబట్టి సర్టిఫికెట్ ఒకటి, నియామకం ఒకటి, విగ్రహం మీద చెయ్యి ఒకటి. అక్కడ 2007 ప్రాంతంలో అన్ని కులాల నుంచి రెండు వందల మందికి పైగా అబ్బాయిలు ఇలాగే శిక్షణ పూర్తి చేసి ఏళ్ల తరబడి ఉద్యోగం లేకుండా కూర్చున్నారు. మొదటి నియామకం 2018లో గానీ జరగలేదు. వాళ్లు మగవాళ్లే సుమా. ఆ ముగ్గురమ్మాయిల దారికి అడ్డం వచ్చేది స్త్రీ కావడమా, పుట్టుకా అన్నది విడదీయకుండా రాయొద్దు.

ఫీల్డ్‌కు వెళ్లినప్పుడు ఒక పని చెయ్యి. తలుపులు తీసిన దగ్గర్నుంచి హారతి అయ్యేదాకా ఒక మూల కూర్చుని ఎవరి చెయ్యి ఎక్కడ పడిందో రాసుకో. పూలు కట్టింది ఎవరు, మడి వంట చేసింది ఎవరు, అభిషేకం ఎవరు, నైవేద్యం చూపించింది ఎవరు, చివరికి భక్తుల నెత్తిన శఠారి పెట్టింది ఎవరు. చర్చిలో జాన్సీ గారు చెప్పినట్టు బల్ల దగ్గర కళ్లు పెట్టుకో. అడిగితే అందరూ "మా దగ్గర తేడాల్లేవు" అంటారు.

మేరీ_జి
నా ప్రశ్నకు జవాబు రాలేదు. మా అమ్మ నిలబడే ఆ వేరే వరస సంగతి?

పద్మజ_కె
మేరీ గారికి తోడు నేనూ ఒకటి అడుగుతాను. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి బోనాల్లో రంగం రోజు పచ్చికుండ మీద నిలబడి భవిష్యవాణి చెప్పేది స్త్రీ. ఆమె నోటి వెంట అమ్మవారే మాట్లాడుతుందని పూజారులతో సహా అందరూ చేతులు కట్టుకుని వింటారు. అక్కడ బదులు మనిషి లేడు. మీ లెక్కలో ఆమెకు పూర్తి అధికారం ఉన్నట్టా?

పాత_ఫైళ్లు
ఆ గంట సేపు ఉంది. కానీ ఆ మాట ఆమెది కాదనే కదా వింటున్నారు. పాస్టర్ రొట్టె విరిచేది తన పదవి హోదాలో. ఇక్కడ ఆమె పేరు పక్కకు జరిగితేనే మాటకు బలం వస్తుంది.

పద్మజ_కె
మీరే కదా, కేథలిక్ గురువు తన పేరున కాదు, క్రీస్తు స్థానంలో నిలబడతాడని పైన రాశారు? ఆయన పేరు పక్కకు జరిగితే పదవి, ఈమె పేరు పక్కకు జరిగితే పూనకమా?

సౌజన్య_పీజీ
పద్మజ గారూ, ఇది అలాగే ఎత్తి పేపర్లో పెట్టుకోవచ్చా? జాన్సీ గారూ, మీ అక్కగారితో ఫోన్లో మాట్లాడే వీలుంటే చెప్పండి, సంఘం పేరు ఎక్కడా రాయను.

జాన్సీ_వి
అడిగి చెబుతాను. పెళ్లి రిజిస్టర్ సంగతి మాత్రం ఆమె నోటితోనే వినండి, నేను సగమే చెప్పాను.